మోటారు పుస్తకంలో కంపెనీ పేరును ఏం చేయాలి?

ప్రశ్న: బోరు మోటారు మాన్యువల్‌ను తెలుగు చేస్తున్నప్పుడు కంపెనీ పేర్లను, మీటల పేర్లను అనువదించాలా, అలాగే ఉంచాలా? – ఒక పాఠకుడు, హనుమంతునిపాడు

జవాబు: కిర్లోస్కర్ వంటి వాణిజ్యనామాన్ని, అంటే ఒక సంస్థ సరుకును గుర్తించే పేరును, అనువదించకూడదు, దానిని తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వచ్చినచోట మోటారు రేకుపై ఉన్న ఇంగ్లిషు రూపాన్నీ పక్కన ఇవ్వాలి. మోడల్ సంఖ్యను మాత్రం లిపి మార్చకుండా ఉంచాలి, ఎందుకంటే విడిభాగం కొనేటప్పుడు రైతు దుకాణంలో చూపేది ఆ అక్షరాలనే. స్టార్టరు మీటపై గానీ తెరపై గానీ AUTO అని కనిపిస్తే పుస్తకంలోనూ AUTO అనే ఉంచి, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుందని వివరించాలి. ‘స్వయంచాలకం’ అని మాత్రమే రాస్తే చదివినవారు ఆ మాటను స్టార్టరుపై వెతికి విసుగుచెందుతారు.

చిక్కంతా విభక్తుల దగ్గరే వస్తుంది. పేరుకు ‘కు’ చేర్చినప్పుడు పొల్లు తరువాత U+200C అనే కనిపించని విడదీత గుర్తు లేకపోతే ‘కిర్లోస్కర్కు’ అని అక్షరాలు కలిసిపోయి పేరు రూపు మారుతుంది కాబట్టి, ‘కిర్లోస్కర్ పంపుకు’ అని విభక్తిని సామాన్యనామానికి తగిలించడం మేలు. పంపు, స్టార్టరు, కేబులు వంటి వాడుకమాటలకు కొత్త పదాలు కల్పించడం అనవసరం.