మిరప కోతల నెలల్లో స్లాబు: సైటు ఇంజనీరు ఇంటర్వ్యూకి వెళ్లేవారికి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సైటు ఇంజనీరు ఉద్యోగానికి వచ్చే కుర్రాళ్లను ఏళ్ల తరబడి ఇంటర్వ్యూ చేశాను. కాంక్రీటు నాణ్యత, భద్రత, కూలీల ఆలస్యం అని మూడు ప్రశ్నలూ విడివిడిగా అడుగుతాం. మన దగ్గర మాత్రం ఆ మూడూ ఒక్క రోజునే వచ్చి మీద పడతాయి. అందుకే వాటిని కలిపి ఆలోచించి చెప్పే మనిషి కోసమే చూస్తాం.

1. "ఇవాళ స్లాబు. ఇరవై మంది రావాలి, పది మందే వచ్చారు. ఏం చేస్తావు?"

ఈ ప్రశ్నకు "మేస్త్రీని గట్టిగా అడుగుతాను సార్" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. తట్టలు మోసే ఆడవాళ్లు, హెల్పర్లు చేలకు వెళ్లిపోతారు. అక్కడ కూలి గిట్టుబాటవుతుంది, పైగా పండిన కాయ చెట్టుమీద ఆగదు. మేస్త్రీ మీద అరిచినంత మాత్రాన మనుషులు రారు.

లెక్క చెప్పు. 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 125 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబుకి, బీములు పక్కన పెడితే, పదమూడున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఎమ్25కి ఘనపు మీటరుకి సుమారు ఆరున్నర బస్తాల సిమెంటు అనుకుంటే ఎనభై ఎనిమిది బస్తాలు. నిండు ముఠా ఉంటే ఒక బస్తా మిక్సరు గంటకు పన్నెండు తిప్పుతుంది, ఏడున్నర గంటల్లో పని ముగుస్తుంది. సగం ముఠాతో ఆరే తిరిగితే పదిహేను గంటలు. అంటే అర్ధరాత్రి దాకా అలసిన చేతులతో పోత, మధ్యలో పాత కాంక్రీటు బిగిసిపోయి కోల్డ్ జాయింట్లు.

కాబట్టి మొత్తం స్లాబు ఆ రోజు మొదలుపెట్టనని చెప్పు. డిజైనరు ఒప్పుకుంటే సగం వేసి, స్పానులో మధ్య మూడోవంతులో నిలువుగా ఆపు కట్టి నిలుపుతానను. లేదంటే ఉన్న పది మందినీ కమ్మీ, సెంట్రింగు సరిచూసే పనికి మళ్లిస్తాను, పోత ఎల్లుండికి మారుస్తాను అను. స్లాబుల తేదీలను కోతల ముందే మేస్త్రీతో మాట్లాడి ఖాయం చేసుకుంటానంటే ఇంకా మంచిది.

2. మనుషులు తక్కువైతే నీళ్లు ఎక్కువవుతాయి.

పలచగా ఉంటే కాంక్రీటు తొందరగా జారుతుంది, సర్దడానికి ఒక మనిషి తగ్గినా నడుస్తుంది. డబ్బాతో నీళ్లు పోసేది అందుకే. ఇది తెలిసినవాడికే నాణ్యత ప్రశ్న అర్థమవుతుంది. 50 కిలోల బస్తాకి 25 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.50. మరో 5 లీటర్లు పోస్తే 0.60. బలంలో ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతుంది. మిక్సరు దగ్గర నీళ్లకు కొలత డబ్బా పెట్టి దానికి ఒక మనిషినే నియమిస్తానను. గట్టిగా ఉందంటే ట్రయల్ మిక్సులో తేలిన మోతాదులో ప్లాస్టిసైజరు వాడతానను.

మార్చి దాటితే ఎండ కూడా తోడవుతుంది. పోసేటప్పుడు కాంక్రీటు వేడి 40 డిగ్రీలు దాటకూడదు. కంకరకు నీడ వేసి, తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. తేమ పోయి పైన సన్నని పగుళ్లు కనిపించాక నీళ్లు చల్లినా అవి పూడవు. క్యూరింగు సంగతి అడిగితే, బ్లెండెడ్ సిమెంటుకి కనీసం పది రోజులు తడి ఆరనివ్వనని చెప్పు.

3. క్యూబులు.

6 నుంచి 15 ఘనపు మీటర్ల దాకా రెండు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు క్యూబులు. పై స్లాబుకి అంతే. కానీ ఎప్పుడు తీస్తావన్నదే అసలు ప్రశ్న. పొద్దున్నే అందరూ చురుగ్గా ఉన్నప్పుడు రెండూ తీస్తే సాయంత్రం పోసినదాని సంగతి తెలియదు. రెండోది మధ్యాహ్నం తర్వాత తీయి.

4. భద్రత గురించి అడిగితే హెల్మెట్, బెల్ట్ అని జాబితా చదవకు.

మన నేల నల్లరేగడి. ఎండలో తవ్విన కాలువ గోడలా నిటారుగా నిలబడుతుంది, నమ్మకం కలిగిస్తుంది. దాని అంచుకు సమాంతరంగా వెంట్రుకంత పగులు కనిపించిందంటే ఆ ముక్క కదలడం మొదలైనట్టే. ఒక్క వాన చాలు. మీటరున్నర లోతు దాటితే పలకలతో ఊతం కట్టాలి, లేదా వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం మీటరున్నర దూరంగా పోయాలి. కూలీలు తక్కువైన రోజు మట్టిని పక్కనే కుప్ప వేస్తారు, ఊతం సాయంత్రం కడదామంటారు. పాతవాళ్ల స్థానంలో ఆ రోజే వచ్చిన కొత్తవాళ్లకు ఆ పగులు ఏమిటో తెలియదు. దిగేముందు వాళ్లకు దాన్ని వేలు పెట్టి చూపిస్తానని చెప్పినవాడిని నేను వెంటనే తీసుకున్నాను.

5. చివర్లో "నువ్వేమైనా అడుగుతావా?" అంటారు.

జీతం సంగతి తర్వాత అడుగు. "మనుషులు తక్కువైన రోజు పోత ఆపమని చెప్పే అధికారం నాకుంటుందా, లేక ఆఫీసు నుంచి ఫోను రావాలా?" అని అడుగు. ఫోను రావాలంటే, ఆ ఫోను ఎవరు చేస్తారో, పొద్దున ఆరింటికి ఎత్తుతారో లేదో కూడా అడుగు.