అప్పు తీసివేతలకు అభ్యాస పుస్తకం

ప్రశ్న: రేపల్లెలో మూడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. తీసివేతల పుస్తకం రాశాను. రెండో పేజీకే తడబడుతున్నారు. ఏం మార్చాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఒకేసారి రెండు మెట్లు ఎక్కించి ఉంటారమ్మా. ముందు అప్పు అక్కర్లేని 58–23 లాంటివి ఓ పేజీ ఇవ్వండి. తర్వాత 52–28. సున్నా ఉన్న 50–28 ఆ తర్వాతే. పదుల అంకె పైన చిన్న ఖాళీ గడి ఉంచండి; 5 కొట్టేసి 4 రాయడానికి చోటు లేకే చాలామంది మరిచిపోతారు.

జవాబుల పట్టికలో 52–28కి 24 ఒక్కటే వేయకండి. 36 వస్తే 8లోంచి 2 తీశారని, 34 వస్తే అప్పు తెచ్చి పదులు తగ్గించలేదని పక్కనే రాయండి. 53–28 మాత్రం వద్దు, రెండు తప్పులకీ 35 వస్తుంది!

అప్పటికీ తడబడితే, పిల్లలు రాసిన పేజీలతోనే తెనాలిలోనో బాపట్లలోనో అనుభవమున్న ప్రాథమిక ఉపాధ్యాయుల్ని కలవండి.