మీ టపా కింద ఇతరుల మాటలు: బ్లాగు వ్యాఖ్యలపై తరచూ అడిగే ప్రశ్నలు

నా బ్లాగులో ఒకరి వ్యాఖ్య తీసేస్తే వాళ్ల భావప్రకటనా స్వేచ్ఛను కాలరాసినట్టేనా?

కాదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ మాట్లాడే హక్కును ప్రధానంగా ప్రభుత్వం నుంచి కాపాడుతుంది. మీ బ్లాగు ప్రభుత్వం కాదు. అక్కడ ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చుకునే అధికారం మీదే. వ్యాఖ్య పోయినవాళ్లు తమ సొంత బ్లాగులో అదే మాట రాసుకోవచ్చు. అలాగని నచ్చని ప్రతిదీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేవి "బాగా రాశారండీ"లు మాత్రమే. మీ పొరపాటు చూపించగలిగినవాళ్లు మొదటే వెళ్లిపోతారు. ఇందులో చట్టానికి పనిలేదు, నష్టం మీకే.

ఎవరో రాసినదానికి నా మీద కేసు పడుతుందా?

పడొచ్చు. అయితే జనం భయపడేంత సులువుగా కాదు.

2009లో కేరళ విద్యార్థి ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆర్కుట్‌లో ఆయన పెట్టిన సమూహంలో ఒక రాజకీయ పార్టీ మీద ఇతరులు రాసిన వ్యాఖ్యలకు మహారాష్ట్రలో కేసు పెట్టారు. దాన్ని కొట్టేయమని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. మన దగ్గర ఇంకా ప్రసిద్ధమైనది విశాక ఇండస్ట్రీస్ కేసు. ఆస్బెస్టాస్‌కు వ్యతిరేకంగా గూగుల్ గ్రూప్స్‌లో వచ్చిన రాతలు తమకు పరువునష్టం కలిగించాయని ఆ సంస్థ సికింద్రాబాద్ మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లింది. నోటీసు ఇచ్చినా వాటిని తీసేయలేదన్నది ఫిర్యాదు. గూగుల్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2019 డిసెంబరులో కేసు కొట్టివేతకు నిరాకరణే ఎదురైంది. ఆ రాతలనాటికి ఐటీ చట్టంలోని పాత 79వ సెక్షన్ పరువునష్టం కేసుల నుంచి రక్షణ ఇచ్చేది కాదని కోర్టు చెప్పింది.

ఇప్పుడున్న 79వ సెక్షన్ 2009 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఇతరుల సమాచారాన్ని అందుకుని, దాచి, చేరవేసే మధ్యవర్తికి ఇది రక్షణ ఇస్తుంది. మధ్యవర్తి నిర్వచనం విశాలమైనదే కాబట్టి, వ్యాఖ్యల పెట్టె తెరిచిన బ్లాగరూ అందులోకి వస్తారని గట్టిగానే వాదించవచ్చు. 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ తీర్పు ఈ సెక్షన్‌కు ఒక స్పష్టత ఇచ్చింది. కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ వచ్చినా తీసేయకపోతేనే రక్షణ పోతుంది. దారినపోయేవాళ్లు "తీసెయ్" అని మెయిల్ పెట్టినంత మాత్రాన పోదు. అదే తీర్పు 66ఎ సెక్షన్‌ను కూడా కొట్టేసింది. ఇప్పటికీ "66ఎ కింద కేసు పెడతా" అని బెదిరించేవాళ్లు తగులుతుంటారు, ఆ సెక్షన్ ఇప్పుడు లేదు.

అయితే రక్షణ ఉంది కదా అని కూర్చోవడం వేరు, కోర్టు మెట్లెక్కకుండా ఉండడం వేరు. స్వీడన్‌లో ఒక చిన్న లాభాపేక్షలేని సంఘం బ్లాగులో ఎవరో పేరు చెప్పకుండా ఒకాయన్ని మత్తుమందు అలవాటున్నవాడని రాశారు. ఆయన చెప్పిన మర్నాడే సంఘం ఆ వ్యాఖ్య తీసేసి క్షమాపణ ప్రకటించింది. అయినా ఆయన దావా వేశారు, ఓడిపోయారు. 2017లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా ఆయన వాదన ఒప్పుకోలేదు. చిన్న బ్లాగు కావడం, వెంటనే తీసేయడం సంఘానికి కలిసొచ్చిన అంశాలు. అది మన కోర్టుల్ని కట్టిపడేసే తీర్పు కాకపోయినా, ఆ సంఘం పాటించిన పద్ధతి మాత్రం మనకూ పనికొస్తుంది.

మరి ఏది ఉంచాలి, ఏది తీయాలి?

నేను వాడే కొలత ఒక్కటే: వ్యాఖ్య ఎవరి మీద? మీ వాదన మీదైతే ఉంచండి. మీ మీదైతే మీ ఇష్టం. మూడో మనిషి మీదైతే మాత్రం మీరు ఉదారంగా ఉండటానికి లేదు. మిమ్మల్ని తిడితే క్షమించే హక్కు మీకుంది, ఇంకొకర్ని తిడితే క్షమించాల్సింది వాళ్లు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఒకావిడ తన పట్టణంలో చెరువు శిఖం భూమిలో ప్లాట్లు వేస్తున్నారని టపా రాసింది. కింద ఐదు వ్యాఖ్యలు వచ్చాయి.

మొదటిది: "విస్తీర్ణం తప్పు. రికార్డు చూడకుండా రాసేస్తే ఎలా? తెలియకపోతే మానుకోండి." మర్యాద తక్కువ, సరుకు ఎక్కువ. ఇది ఉండాల్సిందే. ఆవిడ రికార్డు చూసి అంకె సరిదిద్ది, దిద్దినట్టు టపాలోనే చెప్పాలి.

రెండోది: "ఆడవాళ్లకు చెరువుల గొడవెందుకు, పచ్చళ్ల గురించి రాసుకో." ఇందులో సరుకు లేదు. తీసేసినా తప్పులేదు, ఉంచినా తప్పులేదు. ఉంచితే బదులు మాత్రం ఇవ్వకూడదు. బదులిచ్చిన గంటలో చర్చ చెరువు వదిలేసి పచ్చళ్ల మీదకు వెళుతుంది.

మూడోది: ఒక ఉద్యోగి పేరు, ఫోన్ నంబరు ఇచ్చి "ఇంత లంచం తిన్నాడు, ఊరందరికీ తెలుసు" అన్నారు. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే ఈ వ్యాఖ్య రాసినవాళ్లు ఆవిడ పక్షమే. భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం 356వ సెక్షన్. అందులో నిజం చెప్పడానికి మినహాయింపు ఉంది, కానీ నిజమైతే చాలదు, బయటపెట్టడం ప్రజాహితం కోసమని కూడా చూపించాలి. "ఊరందరికీ తెలుసు" అనేది రుజువు కాదు. అందుకే దీన్ని తీసేసి, ఆ చోట రెండు ముక్కలు రాయాలి: "పేరుతో ఆరోపణ ఉన్నందువల్ల తీశాను. ఆధారం ఉంటే పంపండి, పేరూ నంబరూ లేకుండా జరిగింది రాస్తే ప్రచురిస్తాను."

నాలుగోది ఇంకో వ్యాఖ్యాతను కులం పేరుతో తిట్టినది. దీని మీద చర్చే అక్కర్లేదు, వెంటనే తీయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కావచ్చు కాబట్టి తీసేముందు ఒక నకలు దాచాలి.

ఐదోది: "చాలా ఉపయోగకరమైన సమాచారం, ధన్యవాదాలు." రాసినవాళ్ల పేరు చోట "తక్కువ ధరకే ప్లాట్లు". ఆ పేరు నొక్కితే ఏదో వెంచర్ సైటు. చెరువు ప్లాట్ల టపా కింద ప్లాట్ల ప్రకటన! ఇది స్పామ్.

వ్యాఖ్యలో తిట్టు ముక్క మాత్రం కొట్టేసి మిగతాది ఉంచొచ్చా?

వద్దు. వర్డ్‌ప్రెస్‌లో ఇతరుల వ్యాఖ్యను దిద్దే వీలుంది కానీ వాడకపోవడమే మంచిది. సమాచారాన్ని మార్చని మధ్యవర్తికే 79వ సెక్షన్ రక్షణ. చట్టవిరుద్ధమైనది మీ అంతట మీరే తీసేస్తే ఆ రక్షణ పోదని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. తీసేయడం ఒకటి, వాళ్ల నోట మీ మాట పెట్టడం ఇంకొకటి. మొత్తం తీయండి, లేదా మొత్తం ఉంచండి.

స్పామ్‌ను ఎలా ఆపాలి? లింకులకు విలువ లేదంటారు కదా, ఇంకా ఎందుకొస్తోంది?

వ్యాఖ్యల్లోని లింకులకు `nofollow` అనే గుర్తు పెడితే సెర్చిలో వాటిని లెక్కలోకి తీసుకోబోమని 2005 జనవరిలో గూగుల్ ప్రకటించింది. బ్లాగు సాఫ్ట్‌వేర్లు ఆ గుర్తు పెట్టడం మొదలుపెట్టాయి. అయినా స్పామ్ ఆగలేదు. పంపేది యంత్రం, ఖర్చు దాదాపు సున్నా, ఏ బ్లాగులో విలువుందో చూసుకునే శ్రమ దానికెందుకు?

వర్డ్‌ప్రెస్‌లో Settings → Discussion తెరవండి. రెండు లేదా అంతకన్నా ఎక్కువ లింకులున్న వ్యాఖ్యను ఆపి ఉంచే అమరిక ముందునుంచే ఉంటుంది. దాన్ని ఒకటికి దించండి. మామూలు పాఠకుడు లింకు ఇవ్వడం అరుదు, ఇచ్చినా మీరు చూసి వదలొచ్చు. రెండోది, `Comment author must have a previously approved comment`. అంటే కొత్తవాళ్ల మొదటి వ్యాఖ్య మీ చేతి మీదుగా వెళ్తుంది, తర్వాతవి నేరుగా వస్తాయి. అన్ని వ్యాఖ్యల్నీ ఆపి ఉంచడం కన్నా ఇది మేలు. రాత్రి మొదలైన చర్చ మీరు నిద్ర లేచేదాకా ఆగిపోదు. పాత టపాలకు వ్యాఖ్యలు మూసే వీలూ ఉంది. అక్కడ 14 రోజులని కనిపిస్తుంది గానీ, తెలుగు బ్లాగు టపాలకు రెండేళ్ల తర్వాత కూడా మంచి స్పందనలు వస్తుంటాయి కనుక నేనైతే మూయను. బ్లాగర్‌లో అయితే పాత టపాల వ్యాఖ్యల్ని మూయకుండానే, వాటిని మాత్రమే ఆపి చూసుకునే అమరిక ఉంది.

తిట్ల జాబితా పెట్టి ఆపేస్తే సరిపోదా?

పెట్టొచ్చు, జాగ్రత్తగా. ఈ వడపోత పదాన్ని పదంగా చూడదు, అక్షరాల వరసగా చూస్తుంది. "కుక్క" అని రాసి పెట్టారనుకోండి, "కుక్కర్‌లో మూడు విజిల్స్ రానివ్వాలా?" అని అడిగిన పాఠకురాలి వ్యాఖ్య కూడా ఆగిపోతుంది. "పంది" అని పెడితే మల్లెపందిరి పోతుంది. పైగా అదే తిట్టు ఇంగ్లీషు అక్షరాల్లో వస్తే పట్టదు, `kukka` అని వేరుగా చేర్చాలి.

వర్డ్‌ప్రెస్‌లో ఇలాంటి పెట్టెలు రెండుంటాయి. `Comment Moderation` పెట్టెలోని పదం దొరికితే వ్యాఖ్య మీ కోసం ఆగుతుంది. `Disallowed Comment Keys` పెట్టెలోనిది దొరికితే నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది, మీకు కబురు కూడా అందదు. మాటల్ని మొదటిదాంట్లోనే పెట్టండి. పదేపదే వచ్చే స్పామ్ సైటు చిరునామాలకు మాత్రం రెండోది. బుట్టను అప్పుడప్పుడు తిరగేస్తే కుక్కర్లు ఎన్ని పోయాయో తెలుస్తుంది.

అజ్ఞాతలకు తలుపు మూసేయాలా?

తెలుగు బ్లాగుల్లో పెద్ద గొడవల్లో చాలావాటికి "అజ్ఞాత" పేరుతో వచ్చిన వ్యాఖ్యలే మూలం. మూసేయాలనిపించడం సహజమే. కానీ పై చెరువు టపాలో విస్తీర్ణం తప్పని చెప్పింది ఆ కార్యాలయంలో పనిచేసే గుమస్తానే అయ్యుండొచ్చు. పేరు పెట్టి రాయలేడు. మొదటి వ్యాఖ్య మీ చేతి మీదుగా వెళ్లే నియమం ఉంటే అజ్ఞాతను నిలుపుకోవచ్చు. ఏదో ఒక మారుపేరైనా పెట్టమని అడగండి, లేకపోతే ముగ్గురు అజ్ఞాతలు వాదించుకుంటుంటే ఎవరు ఎవరో తెలియదు.

బెదిరింపు వస్తే?

ముందు తీసేయకండి. మీ బ్లాగు చిరునామా, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, వ్యాఖ్య లింకు రాసి పెట్టుకోండి, ఆ తర్వాత ప్రజలకు కనపడకుండా ఆపండి. వర్డ్‌ప్రెస్ చెత్తబుట్టలో వేసింది 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి అక్కడ దాచుకున్నామని నమ్ముకోవద్దు. పేరు దాచి బెదిరించడం న్యాయ సంహిత 351(4) కింద అదనపు శిక్ష ఉన్న నేరం. ఒక స్త్రీని ఆన్‌లైన్‌లో వెంటాడితే 78వ సెక్షన్ వర్తిస్తుంది. ఫిర్యాదు `cybercrime.gov.in`లో గానీ పోలీసు స్టేషన్‌లో గానీ ఇవ్వొచ్చు.

వర్డ్‌ప్రెస్‌లో వ్యాఖ్య పక్కనే ఐపీ అడ్రసు కనిపిస్తుంది, బ్లాగర్‌లో యజమానికి కనిపించదు. కనిపించింది కదా అని దాన్ని టపాలో పెట్టి "దొంగ దొరికాడు" అని రాయొద్దు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది పంచుకుంటారు. ఎవరిదో తేల్చాలంటే సెకన్లతో సహా సమయం, చాలాసార్లు పోర్టు నంబరు కూడా కావాలి. వాటితో మనిషిని వెతికిపట్టే రికార్డు టెలికాం కంపెనీ దగ్గర ఉంటుంది, దాన్ని అడిగే అధికారం పోలీసులకు ఉంటుంది. అందుకే మీ హోస్టింగ్ సంస్థను సర్వర్ లాగ్ అదే రోజు అడగండి. చాలా సంస్థలు వాటిని కొద్దికాలమే ఉంచుతాయి.