గోడ మీద చెయ్యి మరక చెప్పే డిజైన్ పాఠం

పోచంపల్లి చీర మగ్గం ఎక్కకముందు ఇంట్లో ఆడవాళ్ల చేతుల మీదుగా ఆసు పోయడం అనే పని జరగాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఈ రెండింటి మధ్య నూలు పోగును అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి రోజుకు రెండు చీరలకు ఆసు పోసేవారు. అంటే 18,000 సార్లు. భుజం పట్టేసి, ఇక చెయ్యి లేవని స్థితి వచ్చింది. పెద్దగా చదువుకోని మల్లేశం 1992లో యంత్రం మీద పని మొదలుపెట్టారు. 1999లో అది పూర్తయింది. తల్లి పేరుతో లక్ష్మీ ఆసు యంత్రమైంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకోవడం మామూలే. ఉత్పత్తుల డిజైన్‌లోకి రావాలనుకునే విద్యార్థి దీన్ని మరో కోణంలో చదవాలి. మల్లేశం భుజం నొప్పికి మందు వెతకలేదు. భుజానికి నొప్పి తెస్తున్న కదలికను ముక్కలు ముక్కలుగా విడదీశారు. పోగును ఇటు నుంచి అటు తీసుకుపోవడం ఒక ముక్క, మేకు చుట్టూ తిప్పడం మరొకటి, పక్క మేకుకు జరగడం ఇంకొకటి. కొన్ని ముక్కలు ముందే లొంగాయి, ఒకటి మాత్రం ఏళ్ల తరబడి మొండికేసింది. హైదరాబాద్‌లో వేరే పని మీద ఉన్నప్పుడు ఒక యంత్రం కదలిక చూశాక దానికి దారి దొరికింది. ఏ ముక్క దగ్గర ఆగిపోయారో స్పష్టంగా తెలుసు కాబట్టే, చూడగానే అది తనకు పనికొస్తుందని గుర్తుపట్టగలిగారు.

చూపు, వినికిడి, కదలిక తగ్గినవాళ్ల కోసం వస్తువులు తయారుచేసే రంగంలో అడుగుపెట్టాలంటే ఈ విడదీసే అలవాటే మొదటి అర్హత. దాన్ని నేర్చుకోవడానికి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలు ఎక్కడికీ పోనక్కర్లేదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు దెబ్బతిన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, కానీ ఒకసారి బిగుసుకున్న వెన్ను వెనక్కి రాదు. ఎముకలను కలిపే లిగమెంట్లు గట్టిపడి వెన్నుపూసలు ఒక్క కర్రలా తయారవుతాయి. మెడ తిరగదు. మోకాళ్లు పూర్తిగా మడవలేరు, పూర్తిగా చాపలేరు. ఇలాంటి వ్యక్తికి ఏ వస్తువు కావాలని అడిగితే చాలామంది విద్యార్థులు వెంటనే వీల్‌చైర్ అంటారు. ఇంటికెళ్లి ఒక పూట కూర్చుని చూసినవాళ్లు ఆ మాట అనరు. వాళ్లలో చాలామంది నడుస్తారు. ఇబ్బంది నడకలో కన్నా కూర్చోవడంలో, లేవడంలో ఎక్కువగా ఉంటుంది.

అలాంటి ఇంట్లో దర్వాజ చౌకట్టును, మంచం పక్క గోడను జాగ్రత్తగా చూడండి. ఒకచోట సున్నం నల్లబడి, నున్నగా మెరుస్తుంటుంది. రోజూ లేచేటప్పుడు చెయ్యి ఆనేది అక్కడే. నేల నుంచి ఆ మరక ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. చేతికడ్డీ ఎక్కడ బిగించాలో ఆ అంకె చెబుతుంది. గడియకు కట్టిన తాడు, మంచం కోళ్ల కింద పెట్టిన ఇటుకలు, గడప ముందు వేసిన రాయి, ఇవన్నీ ఆ ఇంటివాళ్లు తమకు తాముగా చేసుకున్న డిజైన్లే. వాటిని సగం పూర్తయిన నమూనాలుగా చూడాలి. ఏమిటి మీ కష్టం అని అడిగితే వచ్చే జవాబు కన్నా ఇవి కచ్చితమైనవి. ఏళ్ల తరబడి అలవాటైపోయిన ఇబ్బందిని మనిషి ఇబ్బందిగా చెప్పడం మానేస్తాడు.

మరుగుదొడ్డి సంగతి చూద్దాం, ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే. ఊళ్లలో కట్టిన చాలా దొడ్లలో నేల మీద బిగించిన పాన్ ఉంటుంది. మోకాలు మడవలేని తాతకు అది ఉన్నా లేనట్టే. దాని మీద పెట్టుకునే రంధ్రం కుర్చీ ఒకటి తయారుచేద్దామనుకుందాం. వెల్డింగ్ షాపులో ఒక్క రోజులో అయిపోయే పనే అనిపిస్తుంది. ఇక్కడే విడదీయడం మొదలుపెట్టాలి.

కూర్చున్న మనిషి లేవాలంటే ముందు పాదాలను మోకాళ్ల కిందికి వెనక్కి లాక్కోవాలి, ఆ తర్వాత నడుము వంచి బరువును పాదాల మీదికి తేవాలి. ఈ తాతకు మొదటిదీ రాదు, రెండోదీ రాదు. కాబట్టి లేపే పనంతా చేతుల మీద పడుతుంది. సీటు మామూలు కుర్చీకన్నా కొంచెం ఎత్తుగా ఉండాలి. కొలత పుస్తకంలోంచి తీసుకోకండి. ఆయన ఇబ్బంది లేకుండా లేవగలిగే మంచమో అరుగో ఇంట్లో ఒకటి ఉంటుంది, దాని ఎత్తు కొలవండి. మరీ ఎత్తు పెంచితే పాదాలు నేలకు ఆనవు, కూర్చున్నవాళ్లకు జారిపోతున్నట్టుంటుంది.

చేతులతో లేస్తారు కాబట్టి కుర్చీకి చేతులుండాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. లేచేటప్పుడు బరువంతా కుర్చీ చేతుల ముందు కొసల మీద పడుతుంది. ముందు కాళ్లు ఆ కొసల కన్నా వెనక ఉంటే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. అందుకే ముందు కాళ్లు కొసల కన్నా కాస్త ముందుకు రావాలి. నమూనా తయారవగానే ఒక పరీక్ష చేయండి. ఖాళీ కుర్చీ చేతుల కొసల మీద మీ బరువంతా వేసి నొక్కండి. వెనక కాళ్లు నేల వదిలితే ఆ నమూనా ఎవరింటికీ పోకూడదు.

తర్వాత గది. చాలా దొడ్లు వెడల్పులో మూడు, నాలుగు అడుగులు మించవు. కుర్చీ కాళ్లు పాన్ పక్కనున్న పాదాల గట్ల బయట పడాలి, గోడకు తగలకూడదు. తలుపు లోపలికి తెరుచుకుంటే కూర్చున్నవాళ్ల మోకాళ్లకు తగులుతుంది. చాలాసార్లు కుర్చీ కన్నా ముందు చేయాల్సింది తలుపు బయటికి తెరుచుకునేలా బందులు మార్చడమే. అదీ డిజైనే. నీళ్ల సంగతి కూడా ఉంది. నల్లా వెనక పక్కన, నేలకు దగ్గరగా ఉంటే మెడ తిరగని, నడుము వంగని మనిషి చెంబు ముంచుకోలేడు. బకెట్‌ను కుర్చీ పక్కన ఎత్తు మీద పెట్టడమో, గొట్టం బిగించడమో చేయకుండా కుర్చీ ఒక్కటే ఇస్తే సగం పనే చేసినట్టు.

ఎలా పాడవుతుందో కూడా ముందే తెలియాలి. మామూలు ఇనుప పైపు రంగు వేసినా వెల్డింగ్ అతుకుల దగ్గర మొదట తుప్పు పడుతుంది. కాళ్లకు తొడిగిన రబ్బరు బుడిపెలు అరిగిపోతే పైపు అంచు బండను గీకుతుంది, తడి మీద జారుతుంది. ఆ బుడిపె నల్లగొండ ప్రకాశం బజారులోనో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరో దొరికే సైజులో ఉండాలి. ప్రత్యేకంగా తెప్పించాల్సిన భాగం ఉన్న వస్తువు పల్లెలో మొదటి రిపేరు దాటదు. నెల తర్వాత మళ్లీ వెళ్లి చూడండి. కుర్చీ మీద ఉతికిన బట్టలో, బకెట్టో ఉంటే దాన్ని వాడటం లేదని అర్థం. బాగుందా అని అడిగితే ఇచ్చినవాళ్ల మొహం చూసి బాగుందనే అంటారు.

ఇది మనిషి మానంతో ముడిపడిన విషయం కాబట్టి పద్ధతి తప్పకూడదు. ఎప్పుడూ బట్టలతోనే, ఇంటివాళ్ల ఎదుటే, వట్టిగా కూర్చుని లేచి చూపించమని అడగాలి. అవ్వల దగ్గరికి అమ్మాయిలే వెళ్లాలి. మొహం కనిపించేలా ఫొటో తీయొద్దు. మోకాలు, చెయ్యి, అంగుళాల టేపు ఫ్రేములో ఉంటే చాలు.

చూపు విషయంలోనూ దారి ఇదే. ఐఐటీ ఢిల్లీలో పుట్టిన స్మార్ట్‌కేన్ చూడండి. తెల్ల కర్ర నేల మీద గుంతను, గట్టును చెబుతుంది. మోకాలి పైన ఉన్నదాన్ని చెప్పదు. వేలాడే కొమ్మ, ఆగి ఉన్న లారీ వెనక భాగం, తెరిచిన కిటికీ రెక్క తలకు తగిలాకే తెలుస్తాయి. ఆ ఒక్క ఖాళీని పట్టుకుని, అతిధ్వని తరంగాలతో ఎదురుగా ఉన్నదాన్ని పసిగట్టి పిడిలో కంపనంతో చెప్పే పరికరాన్ని తయారుచేశారు. దాన్ని మామూలు కర్రకే తగిలించుకోవచ్చు, కర్ర మానేయాల్సిన పని లేదు. వినికిడిలో మన దగ్గర కనిపించే ఖాళీ ఇంకా చిన్నది. చెవి వెనక పెట్టుకునే మిషన్‌లో బ్యాటరీ శనగగింజంత ఉంటుంది. పొలం పనితో మొద్దుబారిన వేళ్లకు, మసకబారిన కళ్లకు దాన్ని మార్చడం ఎంత కష్టమో ఒక్కసారి చూస్తే చాలు, మంచి మిషన్లు సొరుగుల్లో ఎందుకు పడి ఉంటున్నాయో తెలుస్తుంది.

ఇక చదువు, ఉద్యోగం. ఈ పనిలోకి మూడు వైపుల నుంచి రావచ్చు. మనుషుల కదలికలను చదవడం ఇష్టమైతే ఇంటర్ బైపీసీ తర్వాత ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాలు తయారుచేసే ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ కోర్సులున్నాయి. కటక్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థ, కోల్‌కతా, చెన్నైలలోని కేంద్ర సంస్థలు వీటిని నడుపుతున్నాయి. ఇంటర్‌లో ఆక్యుపేషనల్ థెరపీ పేరు విన్నవాళ్లే తక్కువ, కానీ పైన చెప్పిన కుర్చీ లెక్కంతా ఆ చదువులోదే. డిజైన్ వైపు రావాలంటే ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం, ఆంధ్రప్రదేశ్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉన్నాయి. మొదటిదానికి యూసీడ్, రెండోదానికి ఎన్ఐడీ సొంత పరీక్ష రాయాలి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లకు ఐఐటీ మద్రాసులోని టీటీకే కేంద్రం లాంటి చోట్ల దారి ఉంది. నిలబెట్టే వీల్‌చైర్ ‘అరైజ్’ అక్కడి నుంచే వచ్చింది. ఐటీఐ ఫిట్టర్, వెల్డర్ చదివినవాళ్లను ఈ జాబితాలోంచి తీసేయకండి. కాన్పూర్‌లోని ఆలింకో లాంటి తయారీ సంస్థల్లో పని నడిచేది వాళ్ల చేతుల మీదే.

నమూనా చేయడానికి డబ్బు, యంత్రాలు కావాలి. హైస్కూలు పిల్లలు ఇన్‌స్పైర్ మానక్ కింద ఆలోచన పంపవచ్చు, ఎంపికైతే నమూనాకు 10,000 రూపాయలు వస్తాయి. బడి బయటివాళ్లకు రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పిలుపు ఇచ్చినప్పుడు జిల్లా నుంచే దరఖాస్తు చేసుకునే వీలుంది. హైదరాబాద్‌లోని టీ-వర్క్స్‌లో యంత్రాల మీద నమూనా చేయించుకోవచ్చు. పల్లెల్లో ఆవిష్కర్తలను వెతికే పల్లెసృజన సంస్థ నడిపే శోధయాత్రలు మరో దారి.

వాడేవాళ్లను కలవాలంటే మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి వెళ్లండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు అక్కడికి వస్తారు. జిల్లా ఆసుపత్రిలో సదరం క్యాంపు జరిగే రోజు అనుమతి తీసుకుని ఒక పూట వరండాలో నిలబడండి. ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగుతున్నారో, ఎవరు ఎవరి భుజం పట్టుకుంటున్నారో, పిలిచిన పేరు వినపడక ఎవరు వంతు పోగొట్టుకుంటున్నారో రాసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మెరిసే బొమ్మల ఫైలుతో పాటు ఆ నోట్‌బుక్, తిరగబడిన మొదటి కుర్చీ ఫొటో, దాని కాళ్లు ఎంత ముందుకు జరిపారో రాసిన అంకె తీసుకెళ్లండి. పని తెలిసినవాళ్లు ముందు అడిగేది వాటి గురించే.