మెమో అంటించగానే రాజీనామాలు

సమస్య

గుంటూరు దగ్గర 120 పడకల ప్రైవేటు ఆసుపత్రికి నేను అడ్మినిస్ట్రేటర్‌ని. ఈమధ్య కొందరు స్టాఫ్ నర్సులకు ప్రభుత్వ ఉద్యోగాలు వచ్చాయి, ఇంకొందరు గల్ఫ్ వెళ్లిపోయారు. వార్డులు నడవడం కష్టమై, యాజమాన్యంతో మాట్లాడి ఒక మెమో ఇచ్చాను. అందులోని ముఖ్య భాగం ఇది:

"సిబ్బంది కొరత దృష్ట్యా తాత్కాలికంగా, తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు, 8 గంటల మూడు షిఫ్టుల స్థానంలో 12 గంటల రెండు షిఫ్టులు అమలవుతాయి. వారానికి ఆరు డ్యూటీలు యథాతథం. అదనపు గంటలకు డ్యూటీకి రూ.300 ప్రోత్సాహకం ఇస్తాము, లేదా వీలును బట్టి కాంప్-ఆఫ్ మంజూరు చేస్తాము."

నోటీసు బోర్డు మీద పెట్టిన రెండో రోజే ముగ్గురు సిస్టర్లు రాజీనామా ఇచ్చారు. మిగతావాళ్లు సంతకం పెట్టడం లేదు. ఊరికే చేయమనలేదు, డబ్బు ఇస్తామనే కదా అన్నాను! నా తప్పేమిటో చెప్పండి.

— ఒక అడ్మినిస్ట్రేటర్

సలహా

అయ్యా, మీ సిస్టర్లు మెమో చదివి ఊరుకోలేదు, లెక్క వేసుకున్నారు. అదే లెక్క మీరూ ఒకసారి వేయండి.

నెల జీతం రూ.25,000 అనుకుందాం. 26 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 208 గంటలు. గంటకు సుమారు రూ.120. మీరు నాలుగు గంటలకు ఇస్తానన్నది రూ.300, అంటే గంటకు రూ.75. పగలంతా నిలబడి అలసిపోయాక చేసే నాలుగు గంటలకు మొదటి ఎనిమిది గంటల రేటు కూడా రావడం లేదు. మెమోలో "ప్రోత్సాహకం" అని రాశారు కానీ, చదివినవాళ్లకు అది కోతలాగే కనిపిస్తుంది.

ఇంకో లెక్క ఉంది, వాళ్లకు కోపం వచ్చింది బహుశా దీనివల్లే. మూడు షిఫ్టుల్లో ఒక స్థానానికి ముగ్గురు నర్సులు కావాలి, రెండు షిఫ్టుల్లో ఇద్దరు చాలు. మూడో నర్సు జీతం రూ.25,000 మీకు మిగిలింది. ఉన్న ఇద్దరికీ నెలకు 26 డ్యూటీల చొప్పున మీరిచ్చేది రూ.15,600. కొరత ఉన్నంతకాలం ఒక్కో స్థానం మీద ఆసుపత్రికి రూ.9,400 మిగులుతోంది. ఇక కొత్తవాళ్లను తీసుకోవాలన్న తొందర యాజమాన్యానికి ఎందుకుంటుంది? "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు" అన్న మాట ఈ లెక్క పక్కన పెట్టి చదివితే, ఆ ఉత్తర్వులు ఎప్పటికీ రావని ఎవరికైనా అనిపిస్తుంది.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఓవర్‌టైమ్‌కు ఉద్యోగి సమ్మతి ఉండాలంటుంది, రెట్టింపు రేటు ఇవ్వాలంటుంది. ఆ రేటున నాలుగు గంటలకు రూ.960 అవుతుంది. అప్పుడు ఇద్దరికీ కలిపి నెలకు రూ.49,920. కొరత మీ జేబుకు తగులుతుంది కాబట్టి నియామకాలు వాటంతటవే వేగం అందుకుంటాయి. మరొకటి, 12 గంటల చొప్పున ఆరు రోజులంటే వారానికి 72 గంటలు. డబ్బు ఎంత ఇచ్చినా ఇది చట్టం ఒప్పుకునే పరిమితి కాదు. కొత్త రోస్టర్ అంటించే ముందు సహాయ కార్మిక కమిషనర్ కార్యాలయంలో చూపించండి.

పోనీ, ఆ 12 గంటలు నిజంగా పన్నెండేనా? రాత్రి ఎనిమిదికి డ్యూటీ ముగిసిన సిస్టర్ ఒక్కో రోగి గురించి అప్పగింతలు చెప్పి, మందుల లెక్క ఒప్పజెప్పి, బయటపడేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఆ అరగంటకు జీతం ఎలాగూ ఉండదు, దానివల్ల రోగికీ ప్రమాదమే. 2004లో అమెరికాలో నర్సుల మీద అచ్చయిన ఒక అధ్యయనంలో, పనివేళ పన్నెండున్నర గంటలు దాటినప్పుడు పొరపాటు జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లు పెరిగినట్టు తేలింది. అందుకే అప్పగింత సమయాన్ని డ్యూటీలోనే కలపండి, బయోమెట్రిక్‌లో పడిన వేళకే జీతం కట్టండి.

కాంప్-ఆఫ్ "వీలును బట్టి" అన్నారు. మనుషులు లేకనే కదా ఈ మెమో, వీలు ఎక్కడినుంచి వస్తుంది? డబ్బా, సెలవా అన్నది సిస్టర్ ఇష్టానికి వదలండి. సెలవు కోరితే తేదీ ముందే రాసివ్వండి, ఆ తేదీన ఇవ్వలేకపోతే డబ్బు కట్టండి.

ఇప్పుడున్న మెమో వెనక్కి తీసుకోండి. 12 గంటల షిఫ్టులు ఐసీయూ వంటి తప్పనిసరి చోట్లకే పరిమితం చేయండి, అవీ ఒప్పుకున్నవాళ్లకే, వారంలో రెండో మూడో, మిగతా రోజులు మామూలు షిఫ్టులతో. మిగతా కొరతను పడకలు తగ్గించి సర్దుకోవాలి. ముందే తేదీ ఇచ్చిన, ఆగగలిగే ఆపరేషన్లను కొన్ని వారాలు వాయిదా వేయమని సర్జన్లను అడగండి. వాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి. కొత్త మెమోలో ముగింపు తేదీ రాయండి, ఆరు వారాలు దాటనివ్వకండి. ఎన్ని ఖాళీలకు ప్రకటన ఇచ్చారో, ఇంటర్వ్యూలు ఏ రోజో కూడా అందులోనే ఉండాలి. రాత్రి ఎనిమిదికి దిగేవాళ్లకు బండి ఎవరు ఏర్పాటు చేస్తారో పేరుతో సహా రాయండి.

దాన్ని బోర్డుకు అంటించే ముందు నర్సింగ్ సూపరింటెండెంట్‌ను, ఇద్దరు ముగ్గురు సీనియర్ సిస్టర్లను కూర్చోబెట్టి చదివించండి. రాజీనామా ఇచ్చిన ముగ్గురి నోటీసు గడువు ఇంకా ముగిసి ఉండదు. వాళ్లనూ పిలవండి.