గింబల్ చేతిలోనే, షాట్ మాత్రం కాళ్లలో!

గింబల్ కొనగానే స్విచ్ నొక్కేస్తున్నారా? ఆగండి. ముందు ఆఫ్‌లో ఉంచి ఫోన్ బిగించండి. ఫోన్ వెనకున్న కవరు, వేలికి పట్టే రింగు తీసేయండి. ఇప్పుడు చెయ్యి వదిలితే ఫోన్ ఎటో ఒకవైపు వాలుతుంది. సాధారణంగా కెమెరాలున్న వైపే బరువెక్కువ. ఎటు వాలితే క్లాంపును అటు కాస్త జరపండి. ఫోన్ అడ్డంగా, తనంతట తాను నిలబడితే బ్యాలెన్స్ కుదిరినట్టే. ఇది కుదరకపోయినా మోటార్లు బలవంతంగా ఫోన్‌ని నిలబెడతాయి కాబట్టి చాలామందికి తేడా తెలియదు. పిడిలో సన్నని వణుకు, మోటారు వేడెక్కడం, బ్యాటరీ తొందరగా అయిపోవడం చూస్తే అనుమానించండి.

ఇక మోడ్. పెళ్లికూతురు గదిలోంచి మండపానికి వస్తోంది, మీరు ఎదురుగా వెనక్కి నడుస్తూ తీస్తున్నారనుకుందాం. ఫాలో మోడ్ పెట్టండి, టిల్ట్ మాత్రం కదలకుండా ఉండే రకం ఎంచుకోండి. వరండా మలుపులో మీ చెయ్యి తిరిగితే కెమెరా ఒక్క క్షణం ఆగి మెల్లగా అటు తిరుగుతుంది. మెట్ల దగ్గర మణికట్టు కిందికి వంగినా ఫ్రేము తల ఊపదు. అన్నట్టు, మీ భుజం పట్టి నడిపించడానికి ఒకరిని పెట్టుకోండి, లేకపోతే హారతి పళ్లెం మీద పడతారు.

తర్వాత పంక్తి భోజనాలు. విస్తళ్ల వరుస పక్కన అడ్డంగా జరుగుతూ తీయాలి. ఇక్కడ ఫాలో పెడితే, చెయ్యి తిరిగినప్పుడల్లా కెమెరా కూడా పక్కకు తిరిగిపోతుంది. లాక్ వాడండి. చాలా గింబళ్లలో ట్రిగ్గరు నొక్కిపట్టినంత సేపూ కెమెరా ఒకే దిక్కు చూస్తుంది. మీరు పూర్తిగా తిరిగిపోతే మాత్రం మోటారు తన హద్దు తగిలి ఆగుతుంది. మోడ్ మార్చేది షాట్‌కు ముందే, మధ్యలో కాదు.

ఇంత చేసినా వీడియో ఎగురుతోందా? గింబల్ ఆపేది తిరగడాన్ని, వాలడాన్ని మాత్రమే. అడుగడుగుకీ ఒళ్లు పైకీ కిందికీ లేచే ఊపు దానికి పట్టదు. మోకాళ్లు కాస్త వంచి, మడమ ముందు ఆనించి, పాదాన్ని మెల్లగా వేళ్ల వైపు దించండి. వెనక్కి నడిచేటప్పుడు వేళ్లు ముందు, మడమ తర్వాత. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. జూమ్ వద్దు, దగ్గరికెళ్లి తీయండి.

తప్పు ఎక్కడుందో వీడియోలోనే తెలుస్తుంది. దగ్గరున్న దీపపు కుందె ఎగురుతూ, దూరంగా ఉన్న మండపం నిలకడగా ఉంటే లోపం నడకది. రెండూ కలిసి కదిలితే మణికట్టుదో, బ్యాలెన్స్‌దో. ఫ్రేములో అడ్డంగా ఉండాల్సిన గీత ఎప్పుడూ ఒకే వైపు వాలి ఉంటే గింబల్‌ని సమతలంగా ఉన్న బల్ల మీద నిలబెట్టి యాప్‌లో క్యాలిబ్రేట్ చేయండి. నీళ్లలో చూసినట్టు ఫ్రేము మెలికలు తిరుగుతుంటే ఫోన్‌లోని అదనపు స్టెబిలైజేషన్ ఆపి మళ్లీ తీసి చూడండి.