కూరగాయల మడిలో వరిగడ్డి ఆచ్ఛాదన: తడుల వ్యవధిని మార్చకుంటే నీరు ఆదా కాదు

మడిపై గడ్డి పరచిన తరువాత కూడా పాత లెక్క ప్రకారమే నీరు పెట్టడం క్షేత్ర సందర్శనలలో తరచుగా కనిపించే లోపం. ఆచ్ఛాదన నేలపై ఎండను, గాలిని అడ్డుకొని నేల నుండి ఆవిరయ్యే నీటిని తగ్గిస్తుంది. ఆకుల ద్వారా మొక్క వదిలే నీటిని ఆపదు. నేలలో మిగిలిన తేమను గుర్తించి తడిని వాయిదా వేసినప్పుడే ఆ నీరు ఆదా అయినట్లు. లేనిపక్షంలో వేరు చుట్టూ తేమ అధికమై, మొదలు కుళ్ళు తెగులుకు అవకాశం ఏర్పడుతుంది.

ఎర్రనేలలో వేసవి టమాట వేసిన 10 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల మడిని ఉదాహరణగా తీసుకుందాం. రెండు వరుసలలో సుమారు 44 మొక్కలు పడతాయి. నాటిన 15 రోజులకు, మొక్కలు నిలదొక్కుకున్నాక, కలుపు తీసి, నిండుగా తడి ఇచ్చి, మరుసటి రోజు దాదాపు 10 కిలోల ఎండుగడ్డిని సమంగా పరచాలి. కాండం చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలాలి. గడ్డి కొద్ది వారాలలోనే అణగిపోతుంది. నేల కనిపించే చోట మళ్ళీ వేయాలి. పలుచటి పొర గుండా వెలుతురు దిగి కలుపు విత్తనాలు మొలుస్తాయి.

ఆచ్ఛాదన లేని మడికి నాలుగవ రోజున తడి అవసరమైతే, అదే రోజున ఈ మడిలో గడ్డిని పక్కకు తొలగించి, జానెడులో సగం లోతు నుండి పిడికెడు మట్టి తీసి నొక్కి చూడాలి. ముద్ద కట్టి నిలిస్తే ఆ రోజు తడి అక్కరలేదు. మరుసటి రోజు మళ్ళీ చూడాలి. పొడిగా రాలితే నీరు పెట్టాలి. నీటిని గడ్డి పైనుండి కొద్దికొద్దిగా చల్లితే చాలా భాగం గడ్డిలోనే నిలిచి ఆవిరవుతుంది. కనుక డ్రిప్ గొట్టాన్ని గడ్డి కిందనే ఉంచాలి.

యూరియా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గడ్డిపై చల్లితే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. మొక్కకు సుమారు 2 గ్రాముల చొప్పున, కాండానికి బెత్తెడు దూరంలో గుంట తీసి వేసి మట్టి కప్పాలి. వరిగడ్డిలో కర్బనం అధికం, నత్రజని స్వల్పం. పైన పరచినంతవరకు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. అంతరకృషిలో గడ్డిని మట్టిలో కలిపితే మాత్రం సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకొని, కింది ఆకులు ముందుగా పసుపు రంగుకు మారతాయి.

కలుపు విషయంలో పరిమితిని ముందే చెప్పాలి. విత్తనం నుండి మొలిచే పాయలాకు, గలిజేరు వంటివి అణగుతాయి. దుంపల నుండి వచ్చే తుంగ గడ్డి పొరను చీల్చుకొని పైకి వస్తుంది. తుంగ ఉన్న మడిని ముందుగా తవ్వి దుంపలు ఏరవలసిందే. సరిగా నూర్చని గడ్డిలో వడ్లు మిగిలి, అవే కలుపుగా మొలుస్తాయి. చెదలు ఉన్న నేలలో గడ్డి వాటిని ఆకర్షిస్తుంది కాబట్టి వారానికొకసారి ఎత్తి చూడాలి.

ఈ మోతాదున ఎకరాకు 4 టన్నుల గడ్డి కావాలి. పశువులున్న రైతుకు ఇంత గడ్డిని పొలంలో పరచమని సూచించడం నా దృష్టిలో సమంజసం కాదు. అటువంటివారు మామిడి, కానుగ రాలుటాకులను వాడవచ్చు. టేకు వంటి వెడల్పాటి ఆకులను విరవకుండా పరిస్తే పెంకుల వలె ఒకదానిపై ఒకటి పడి వాననీటిని పక్కకు జార్చుతాయి. వాటిని నలిపి, తడిపి వేస్తే నీరు లోపలికి దిగుతుంది, గాలికీ ఎగిరిపోవు.